పండగ వీడియోలా, ఏడాది పొడుగునా చూసే వీడియోలా?

యూట్యూబ్ ఛానెల్‌కు ఏడాది మొత్తానికి వీడియోల పట్టిక వేసేటప్పుడు మొదట తేలవలసిన లెక్క ఒకటుంది. ఎన్ని వీడియోలు ఏ నెలలోనైనా జనం చూసేవై ఉండాలి, ఎన్ని పండగకో పరీక్షకో ముడిపడినవై ఉండాలి అన్నదే ఆ లెక్క. మొదటి రకాన్ని ఛానెళ్లవాళ్లు ఎవర్‌గ్రీన్ అంటారు, రెండో రకాన్ని సీజన్ వీడియోలంటారు. దోశ పిండి సరిగ్గా పులియడం ఎలాగో చెప్పే వీడియో మొదటి రకం. వినాయక చవితికి ఉండ్రాళ్ళు చేసే వీడియో రెండో రకం. ఒక్కరో ఇద్దరో నడిపే చిన్న ఛానెల్ వారానికి ఒక వీడియోకి మించి చేయలేదు కాబట్టి, ఒకదానికి చోటిస్తే ఇంకోదానికి చోటు తగ్గుతుంది. ఈ ఎంపిక ఎలా చేసుకోవాలో తెలుగు వంటల ఛానెల్‌ను ఉదాహరణగా తీసుకుని చూడవచ్చు. పరీక్షల సంగతికి పదో తరగతి లెక్కలు చెప్పే ఛానెల్ సరిపోతుంది.

రెండు కాదు, మూడు రకాలు

సీజన్ వీడియోలన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే చాలా పట్టికలు దారి తప్పుతాయి. వాటిలో రెండు జాతులున్నాయి. ఉండ్రాళ్ళ వీడియో ఈ ఏడు చవితికి చూస్తారు, వచ్చే ఏడు చవితికీ చూస్తారు. మధ్యలో పదకొండు నెలలు దాని జోలికి ఎవరూ రాకపోయినా పండగ రాగానే మళ్లీ లేస్తుంది. దీన్ని తిరిగొచ్చే సీజన్ వీడియో అనుకోవచ్చు. ‘2026 వినాయక చవితి పూజా ముహూర్తం’ అనే వీడియో అలాంటిది కాదు. పండగ మర్నాటికి దాని పని అయిపోతుంది, ఇక ఎన్నటికీ లేవదు. ఇది తేదీ వీడియో. పరీక్షల టైంటేబుల్, ఫలితాల తేదీ, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ వంటివన్నీ ఈ జాతివే.

ఈ మూడింటికీ తేడా ఎక్కడుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇవి ఏ ఛానెల్ నుంచీ తీసుకున్న అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి. గట్టిపడకుండా పల్లీ చట్నీ చేసే వీడియోను వారానికి 60 మంది చూస్తారనుకుందాం. ఏడాదికి 3,120, మూడేళ్లకు 9,360 వీక్షణలు వస్తాయి. ఉండ్రాళ్ళ వీడియోకు మొదటి చవితికి 4,000, రెండో చవితికి 3,000, మూడో చవితికి 2,500 వచ్చి, మిగతా రోజుల్లో ఏడాదికి 300 చొప్పున వస్తే మూడేళ్ల మొత్తం 10,400. ముహూర్తం వీడియోకు మూడు రోజుల్లో 8,000 వచ్చి అక్కడితో ఆగిపోతే మూడేళ్లకూ అదే 8,000.

పండగ వారంలో చూస్తే ముహూర్తం వీడియోదే పైచేయి. మూడేళ్ల తరవాత చూస్తే అదే అన్నిటికంటే వెనక. మూడింటికీ పట్టిన శ్రమ దాదాపు ఒకటే. అందువల్ల ఒక అంశం పట్టికలోకి రావాలా వద్దా అని తేల్చేటప్పుడు ‘పండగకు ఎంతమంది చూస్తారు’ అని కాక, ‘వచ్చే ఏడాది ఇదే పండగకు కూడా చూస్తారా’ అని అడగాలి. అవుననే జవాబు వస్తే ఆ వీడియో సీజన్‌దైనా ఎవర్‌గ్రీన్‌కు దగ్గర బంధువే. కాదని వస్తే దానికి ఖర్చయ్యే వారం తిరిగి రాదని తెలిసే ఒప్పుకోవాలి.

గిరాకీ ఆకారం చూసే పద్ధతి

ఏ అంశం ఏ రకానిదో ఊహించి చెప్పడం కంటే చూసి తెలుసుకోవడం మేలు. గూగుల్ ట్రెండ్స్ అనే ఉచిత సైట్ దీనికి పనికొస్తుంది. trends.google.com తెరిచి, పదం ఇచ్చి, ప్రాంతం భారత్‌గానో, దానిలో ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణగానో పెట్టాలి. కాలం ఐదేళ్లకు మార్చాలి. ‘వెబ్ సెర్చ్’ అని ఉన్నచోట ‘యూట్యూబ్ సెర్చ్’ ఎంచుకోవాలి. ఈ చివరి మార్పు మరిచిపోతే గూగుల్‌లో వెతికినవాళ్ల లెక్క కనిపిస్తుంది తప్ప వీడియోల కోసం వెతికినవాళ్లది కనిపించదు.

వచ్చే గీతను చూడగానే రకం తెలిసిపోతుంది. ఐదేళ్లూ ఇంచుమించు ఒకే ఎత్తున సాగితే అది ఎవర్‌గ్రీన్. ఏడాదికొక శిఖరం చొప్పున ఐదు శిఖరాలుంటే తిరిగొచ్చే సీజన్. ఒకే శిఖరం లేచి పడిపోతే ఆ విషయం వచ్చిపోయినదే. గీత పక్కనుండే అంకెలు వెతికినవాళ్ల సంఖ్య కావు. ఆ కాలంలో అన్నిటికంటే ఎక్కువ వెతికిన సమయాన్ని 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తారు. అందుకే ఒక్క పదం గీత చూసి గిరాకీ ఎంత పెద్దదో చెప్పలేం, ఆకారం మాత్రమే చెప్పగలం. పరిమాణం తెలియాలంటే పక్కన రెండో పదం పెట్టి పోల్చాలి. తెలుగువాళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు కాబట్టి ‘ఉండ్రాళ్ళు’తో పాటు undrallu అని కూడా ఇచ్చి చూడాలి. వెతికేవాళ్లు మరీ తక్కువగా ఉంటే గీతే రాదు. అప్పుడు ఆ పదాన్ని కొంచెం విస్తరించి, పండగ పేరుతో వెతకాలి.

పండగ తేదీ కదులుతుంది

తెలుగు పండగల్లో సంక్రాంతి సూర్యమానం ప్రకారం వస్తుంది కనుక ఏటా జనవరి మధ్యలోనే ఉంటుంది. ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి చాంద్రమానం ప్రకారం వస్తాయి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఇవి ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతాయి. రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా వెనక్కి వెళతాయి. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం ఉండటంతో చవితి సెప్టెంబరు 14కు వెళ్లింది. దసరా అక్టోబరు 2 నుంచి అక్టోబరు 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి జరిగాయి.

పట్టిక వేసేవాళ్లకు దీనివల్ల రెండు చిక్కులున్నాయి. మొదటిది నెలలను పోల్చడంలో వస్తుంది. 2025 ఆగస్టుతో 2026 ఆగస్టును పోల్చితే ఛానెల్ పడిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి పడింది ఛానెల్ కాదు, పండగ ఆ నెలలో లేదు, అంతే. కాబట్టి పోలిక నెలకు నెల కాక పండగకు పండగగా ఉండాలి. పండగకు ముందు మూడు వారాలు, తరవాత ఒక వారం కలిపి తీసుకుని, నిరుటి అవే రోజులతో చూడాలి.

రెండోది ఇంకా ఆదాయం మొదలుకాని చిన్న ఛానెళ్లకు తగిలేది. మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో వాటా పొందాలంటే యూట్యూబ్ నిబంధన ప్రకారం 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ సమయం ఉండాలి. ఆ 12 నెలల గడువు రోజురోజుకూ ముందుకు జరుగుతుంటుంది. 2025 చవితికి వచ్చిన గంటలు 2026 ఆగస్టు చివర్లో లెక్కలోంచి జారిపోతాయి. కొత్త చవితి గంటలు సెప్టెంబరు రెండో వారానికి గాని చేరవు. పండగల మీదే ఆధారపడిన ఛానెల్ 3,800 గంటల దాకా వచ్చి ఈ రెండు వారాల్లో హఠాత్తుగా కిందికి దిగవచ్చు. ఎవర్‌గ్రీన్ వీడియోలు వారంవారం చేర్చే గంటలే అప్పుడు ఆ గండిని పూడ్చగలవు.

ఎన్ని రోజుల ముందు పెట్టాలి

సీజన్ వీడియో పండగకు ఎంత ముందు రావాలన్నది చూసేవాళ్లు ఆ పని ఎప్పుడు మొదలుపెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. అరిసెలు, సకినాలు సంక్రాంతికి వారం పది రోజుల ముందే ఇళ్లలో మొదలవుతాయి. బియ్యం నానబెట్టాలి, తడిపిండి పట్టించాలి, నలుగురిని పోగేయాలి. కాబట్టి వాటి కోసం డిసెంబరు చివరి నుంచే వెతుకుతారు. ఉండ్రాళ్ళు చవితి నాటి ఉదయమే వండుతారు కనుక ముందు రోజు రాత్రి, ఆ రోజు పొద్దున ఎక్కువగా చూస్తారు. ఆవకాయకు పండగే లేదు గాని దానికీ సీజనుంది. మామిడికాయ టెంక గట్టిపడే వేసవి వారాలే దాని సీజన్.

అయితే చూసే రోజుకు వీడియో పెడితే చాలదు. కొత్త వీడియోను ఎవరికి చూపించాలో, ఏ మాటలకు వెతుకులాటలో చూపించాలో తేలడానికి కొంత కాలం పడుతుంది. పండగ ముందు రోజు పెట్టిన చిన్న ఛానెల్ వీడియో, లక్షల వీక్షణలున్న పాత వీడియోల కింద పడిపోతుంది. మూడు నాలుగు వారాల ముందు పెడితే గిరాకీ తక్కువగా ఉన్నప్పుడే కొందరు చూసి, పండగ నాటికి దానికంటూ కాస్త చోటు ఏర్పడే అవకాశం ఉంటుంది.

ఇక్కడ వంటింటి కష్టం ఒకటి ఎదురవుతుంది. ఉగాది పచ్చడి వీడియో నెల ముందు పెట్టాలంటే ఫిబ్రవరిలో వేపపువ్వు దొరకదు. బతుకమ్మ పేర్చే వీడియో ఆగస్టులో తీయాలంటే తంగేడు, గునుగు పూలు సరిగా విచ్చి ఉండవు. అనుభవమున్నవాళ్లు దీనికి చేసే ఉపాయం తేలికైనదే. ఈ ఏటి పండగకు ఇంట్లో ఎలాగూ జరిగే పనిని కెమెరాతో పట్టి, వచ్చే ఏడు పండగకు నాలుగు వారాల ముందు పెడతారు. తిరిగొచ్చే సీజన్ వీడియోకు ఒక ఏడాది నిలవ ఉండటం వల్ల వచ్చే నష్టమేమీ లేదు.

అలా నిలవ ఉండాలంటే తీసేటప్పుడే ఒక జాగ్రత్త అవసరం. యూట్యూబ్‌లో శీర్షిక, వివరణ, పైన కనిపించే బొమ్మ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పెట్టిన వీడియోను మాత్రం అదే లింకులో కొత్త వీడియోతో మార్చడం కుదరదు, కొంత భాగం కత్తిరించగలమంతే. అందుకని ‘ఈసారి చవితి సోమవారం వచ్చింది’, ‘ఈ ఏడాది కొబ్బరికాయ ధర చూడండి’ వంటి మాటలు నోటితో అనకూడదు. ఏడాది అంకె అవసరమైతే మార్చగలిగిన శీర్షికలోనే ఉండాలి. అదీ ఏటా మార్చే ఓపిక ఉంటేనే. 2025 అని ఉన్న శీర్షికను 2026లో చూసినవాళ్లు పాతదనుకుని పక్క వీడియో నొక్కుతారు.

పరీక్షల సీజన్ తీరు వేరు

పండగ చూసే జనం ఏటా వాళ్లే. పరీక్ష చూసే జనం ఏటా మారిపోతారు. ఈ ఏడు పదో తరగతి పిల్లలు వచ్చే ఏడు ఇంటర్‌లో ఉంటారు. దీనివల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. త్రికోణమితి పట్టిక ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్పే వీడియోకు ఏటా కొత్త పిల్లలు వస్తారు కాబట్టి అది పాతబడదు. అదే సమయంలో మార్చిలో చేరిన వేలమంది సబ్‌స్క్రైబర్లు జూన్ తరవాత కొత్త వీడియోలను నొక్కరు. సబ్‌స్క్రైబర్ల అంకె పెరుగుతూ, కొత్త వీడియో మొదటి వారం వీక్షణలు మాత్రం తగ్గుతూ ఉంటే కారణం సాధారణంగా ఇదే.

పదో తరగతి లెక్కల గిరాకీ జూన్‌లో బడులు తెరిచాక మెల్లగా మొదలై, సిలబస్ పూర్తయ్యే డిసెంబరు, జనవరి నెలల్లో పెరిగి, మార్చి, ఏప్రిల్‌లో పరీక్షల సమయానికి శిఖరానికి చేరుతుంది. లెక్కల పేపర్ ముందు రోజు సాయంత్రం అన్నిటికంటే ఎత్తు. పేపర్ అయిపోగానే కిందికి దిగుతుంది. సప్లిమెంటరీ పరీక్షలకు మళ్లీ చిన్న అల లేస్తుంది. ఈ గీత ప్రకారం వీడియోలు రెండు వరసలుగా పడతాయి. అధ్యాయాల వారీ పాఠాలు ఎవర్‌గ్రీన్ కిందికి వస్తాయి, జూన్ నుంచి డిసెంబరు వరకు వాటిని చేయాలి. ఒక అధ్యాయాన్ని ఇరవై నిమిషాల్లో తిరగేసే పునశ్చరణ వీడియోలు తిరిగొచ్చే సీజన్ కిందికి వస్తాయి, వాటికి జనవరి, ఫిబ్రవరి తగిన నెలలు. ‘రేపటి పేపర్‌లో వచ్చే ప్రశ్నలు’ తేదీ వీడియో. ఊహ తప్పితే పిల్లలకు చేటు, ఛానెల్ మాటకూ విలువ పోతుంది.

పాఠాల వీడియోకు ఎవర్‌గ్రీన్ అన్న పేరు సిలబస్ ఉన్నంతకాలమే. పాఠ్యపుస్తకం మారితే అధ్యాయం సంఖ్య, లెక్క సంఖ్య చెప్పిన వీడియోలు ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. ‘అభ్యాసం 3లో రెండో లెక్క’ అనకుండా ‘వర్గ సమీకరణం మూలాలు కనుక్కోవడం’ అని చెప్పిన వీడియో మార్పును తట్టుకుంటుంది. పరీక్షల పేర్లూ మారుతుంటాయి. ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో 2024లో అయింది. అలాంటప్పుడు పాత వీడియోల శీర్షికల్లో కొత్త పేరు చేర్చడం అరగంట పని. అది చేయని ఛానెల్ కొత్త పేరుతో వెతికేవాళ్లకు దూరమవుతుంది.

గ్రూప్స్, డీఎస్సీ వంటి ఉద్యోగ పరీక్షలకు ఏటా నిలకడైన నెల లేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తే అప్పుడే సీజన్. వీటిని నెలల పట్టికలో పెట్టడం కుదరదు. సిలబస్‌లో మారని అంశాలను ముందే చేసి ఉంచుకుని, నోటిఫికేషన్ కోసం రెండు వారాలు ఖాళీగా వదులుకోవాలి.

ఒక ఏడాది పట్టిక

ఇప్పుడు వంటల ఛానెల్‌కు 2026 పట్టిక ఎలా ఉంటుందో చూద్దాం. 52 వారాల్లో జ్వరాలకు, ప్రయాణాలకు, పండగ రోజుల ఇంటి పనికి ఆరు వారాలు తీసేస్తే 46 మిగులుతాయి. వీటిలో 28 ఎవర్‌గ్రీన్‌కు, 14 తిరిగొచ్చే సీజన్‌కు, 4 తేదీ వీడియోలకు కేటాయించవచ్చు. సీజన్ వాటా 14లో సంక్రాంతికి మూడు, ఉగాదికి రెండు, ఆవకాయ రోజులకు రెండు, శ్రావణ మాసం నోములకు రెండు, చవితికి రెండు, బతుకమ్మ, దసరాలకు రెండు, దీపావళికి ఒకటి.

కొత్త ఛానెల్ సీజన్ వీడియోల్లో కూడా ఇరుకైన అంశాన్నే ఎంచుకోవాలి. ‘అరిసెలు చేసే విధానం’ అన్న వీడియోలు ఇప్పటికే కొల్లలు. పాకం ముదిరితే అరిసెలు గట్టిపడతాయి, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి. నీళ్లలో వేసిన పాకం వేళ్ల మధ్య ఏ ఉండగా వస్తే దింపాలో దగ్గరగా చూపించే ఎనిమిది నిమిషాల వీడియోకు పోటీ తక్కువ. పొయ్యి దగ్గర చిక్కుపడినవాళ్లు వెతికేది సరిగ్గా దాన్నే. ఉండ్రాళ్ళకు పగుళ్లు రాకుండా రవ్వకు నీళ్లెన్ని పోయాలన్నదీ అలాంటిదే.

ఎవర్‌గ్రీన్ వీడియోలకు పండగలు లేని నెలలు సహజమైన చోటు. 2026లో అధిక మాసం వల్ల శ్రావణం జూలై చివర్లో కాక ఆగస్టు 13న మొదలవుతుంది. ఆవకాయ రోజులు ముగిశాక దాదాపు రెండు నెలలు ఎవర్‌గ్రీన్‌కు దొరుకుతాయి. ఏ ఎవర్‌గ్రీన్ అంశాలు చేయాలన్నదీ పండగలే చెప్పగలవు. ఉండ్రాళ్ళ కోసం వచ్చినవాళ్లకు వీడియో చివర్లో ‘బియ్యపు రవ్వ ఇంట్లో ఆడించుకోవడం’ కనిపించాలి. అరిసెల కోసం వచ్చినవాళ్లకు ‘మంచి బెల్లం గుర్తుపట్టడం’ కనిపించాలి. ఈ వీడియోలు పండగకు ముందే తయారుగా ఉంటేనే పండగకు వచ్చిన జనం ఛానెల్‌లో నిలుస్తారు.

పట్టిక తప్పిందని తెలిసేది ఎలా

ప్రతి వీడియోనూ మూడు సార్లు చూడాలి. పెట్టిన నెలకు, మూడు నెలలకు, ఏడాదికి. యూట్యూబ్ స్టూడియోలోని అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్ అన్నచోట జనం ఎక్కడి నుంచి వచ్చారో ఉంటుంది. ఎవర్‌గ్రీన్ అనుకున్న వీడియో మొదటి వారం తరవాత పడిపోయి, మూడు నెలలకు కూడా యూట్యూబ్ సెర్చ్ నుంచి ఎవరూ రాకపోతే దాన్ని సబ్‌స్క్రైబర్లు ఒకసారి చూసి వదిలేశారని అర్థం. వెతికేవాళ్లు ఏ మాటలతో వెతుకుతున్నారో అదే చోట కనిపిస్తుంది. శీర్షికను ఆ మాటలకు దగ్గరగా మార్చి ఇంకో మూడు నెలలు ఆగవచ్చు. అప్పటికీ కదలకపోతే ఆ అంశానికి గిరాకీ లేదు.

తిరిగొచ్చే సీజన్ వీడియోను తీర్పు చెప్పడానికి రెండో పండగ దాకా ఆగాలి. రెండో ఏడాది వీక్షణలు మొదటి ఏడాదిలో సగానికి అటూ ఇటూగా ఉన్నా అది నిలిచినట్టే. బాగా పడిపోతే శీర్షికలో పాత ఏడాది అంకె ఉందేమో, అదే అంశం మీద పెద్ద ఛానెళ్లు కొత్త వీడియోలు పెట్టాయేమో చూడాలి. నిలిచిన అంశాన్నే మళ్లీ తీయడం కంటే దాని పక్క చిక్కును కొత్తగా తీసి, రెండిటినీ ఒక ప్లేలిస్టులో చేర్చడం లాభం.

28, 14, 4 అన్నది అందరికీ సరిపడే వాటా కాదు. రోజూ పంచాంగం చెప్పే ఛానెల్‌కు, విద్యా వార్తల ఛానెల్‌కు తేదీ వీడియోలే ప్రాణం. అవి రోజుకొకటి పెట్టగల మనుషులుంటేనే నడుస్తాయి. ఇల్లు చూసుకుంటూ వారానికొకటి తీసేవాళ్లకు ఆ దారి కుదరదు. వంటల ఛానెల్ మొదటి ఏడాది సీజన్ వాటా పదికి తగ్గించి ఎవర్‌గ్రీన్ పెంచుకోవచ్చు. రెండో ఏడాది నుంచి నిలిచిన పండగ వీడియోలు వాటంతటవే తిరిగొస్తుంటాయి కనుక ఆ పండగకు కొత్తగా ఒకటి చేస్తే చాలు. మూడో ఏటికి పండగల వారాల్లో ఎక్కువభాగం పాత వీడియోలే మోస్తాయి, కొత్తగా తీసే శ్రమను ఇంకా చేయని అంశాల మీద పెట్టవచ్చు.